ఫ్లేమ్‌త్రోవర్ నిజంగా నిషేధంలో ఉందా? ఏ ఒప్పందం, ఏ నిబంధన?

గట్టుమీదరాయి
రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత ఫుటేజీలో ఎక్కడ చూసినా వీపున సిలిండర్లు మోస్తూ నిప్పు చిమ్మే సైనికులు కనిపిస్తారు. ఇప్పటి యుద్ధాల్లో దాదాపు కనిపించరు. కారణం వెతికితే అందరూ ఒకే వాక్యం రాస్తారు: "జెనీవా ఒప్పందం నిషేధించింది." 1949 జెనీవా ఒప్పందాలు నాలుగూ చదివాను. ఫ్లేమ్‌త్రోవర్ అనే మాటే లేదు. ఇంతకీ నిషేధం ఉందా, లేదా? ఉంటే ఎక్కడుంది? లేకపోతే సైన్యాలు దాన్ని ఎందుకు వదిలేశాయి?

నల్లమల_77
నిషేధం ఉంది. 1980 ఒప్పందం. నాపామ్ అనే జిగురు పెట్రోల్ బాంబు, ఫ్లేమ్‌త్రోవర్ రెండూ అందులోనే పోయాయి. అసలు ఫ్లేమ్‌త్రోవర్ మోసేవాడి ట్యాంకుకి ఒక్క బుల్లెట్ తగిలితే పేలిపోయి పక్కవాళ్ళందరూ మాడిపోయేవారు. అందుకని సైనికులే వద్దన్నారు.

సంధిపత్రం
నల్లమల గారూ, సంవత్సరం సరిగ్గా చెప్పారు. మిగతాది సరికాదు.

1980 అక్టోబర్ 10న జెనీవాలో ఆమోదించింది కొన్ని సంప్రదాయ ఆయుధాల మీద ఒప్పందం. 1949 వాటికీ దీనికీ ఊరు ఒకటే, పత్రాలు వేరు. గట్టుమీదరాయి గారికి దొరకనిది అందుకే. దీనికి విడివిడిగా ప్రోటోకాల్స్ ఉంటాయి, మూడోది నిప్పంటించే ఆయుధాల గురించి. 1983 డిసెంబర్ 2 నుంచి అమల్లో ఉంది. భారత్ 1984లో చేరింది.

ఈ మూడో ప్రోటోకాల్ మొదటి అధికరణంలో ఉదాహరణల జాబితా ఉంది. అందులో మొట్టమొదటి పేరే ఫ్లేమ్‌త్రోవర్. ఆ పేరు కనబడగానే చాలామంది నిషేధం అనుకుని ఆగిపోతారు. అది నిర్వచనం మాత్రమే. ఏం చేయకూడదో రెండో అధికరణంలో ఉంది, అక్కడ "ఫ్లేమ్‌త్రోవర్ ఉంచుకోకూడదు" అనిగానీ "శత్రు సైనికుల మీద వాడకూడదు" అనిగానీ లేదు. ఆ అధికరణం కాపాడేది పౌరుల్ని, పౌర ఆస్తుల్ని, కొంతవరకు అడవుల్ని.

గట్టుమీదరాయి
అంటే బంకర్‌లో ఉన్న సైనికుడి మీద ఈరోజు ఫ్లేమ్‌త్రోవర్ వాడితే ఆ ప్రోటోకాల్ ప్రకారం తప్పు లేదా?

సంధిపత్రం
ఆ ప్రోటోకాల్ మాటల ప్రకారం లేదు. దాని మీద మళ్ళీ వస్తాను, ఇంకో నియమం కూడా ఉంది.

వేపచెట్టునీడ
మన పురాణాల్లో ఆగ్నేయాస్త్రం ఉంది కదా. దాన్ని వారుణాస్త్రంతో ఆర్పేవాళ్ళు. అప్పట్లోనే దాడీ ఉంది, విరుగుడూ ఉంది. ఒప్పందం అవసరమే రాలేదు.

కోటబురుజు
వేపచెట్టునీడ గారూ, ప్రశ్న నిషేధం గురించి. అయినా మన దగ్గరి పాత పాఠాల్లో దానికి నేరుగా సంబంధించినవి రెండున్నాయి, అస్త్రాల కన్నా అవే ఇక్కడ పనికొస్తాయి.

మొదటిది మనుస్మృతి ఏడో అధ్యాయం, 90వ శ్లోకం. యుద్ధంలో ముళ్ళ బాణాలతో, విషం పూసినవాటితో, నిప్పుతో మండే మొనలున్నవాటితో శత్రువుని కొట్టకూడదు అంటుంది. ఇది పౌరుల సంగతి కాదు, ఎదురుగా పోరాడే సైనికుడి సంగతి. 1980లో రాయలేకపోయిన మాట అదే.

రెండోది అర్థశాస్త్రం పదమూడో అధికరణం, కోట ముట్టడి. కోటలో గూళ్ళు కట్టుకున్న డేగ, కాకి, చిలుక, పావురం లాంటి పక్షుల్ని పట్టి, తోకలకి నిప్పు మందు కట్టి వదలమని చెబుతుంది. అవి సాయంత్రానికి గూటికి చేరతాయి, కప్పులు అంటుకుంటాయి. కోటలోపలి గూఢచారులైతే ముంగిసలు, కోతులు, పిల్లులు, కుక్కల్ని వాడాలి. ఇంత వివరంగా చెప్పిన చోటే కౌటిల్యుడు ఇంకో మాట అంటాడు: వేరే దారిలో గెలవగలిగితే నిప్పు పెట్టొద్దు. నిప్పుని నమ్మలేం. జనాన్ని, ధాన్యాన్ని, పశువుల్ని, బంగారాన్ని, సరుకుని లెక్క లేకుండా తినేస్తుంది. అన్నీ కాలిపోయిన కోట చేతికొచ్చినా నష్టమే.

అక్కడ దయ కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తుంది నాకు. కానీ నిప్పుని పెట్టినవాడే అదుపు చేయలేడన్న గమనిక మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

వేపచెట్టునీడ
మనుస్మృతిలో ఉందని తెలియదు. శ్లోకం చూశాను, "నాగ్నిజ్వలితతేజనైః" అని ఉంది. ధన్యవాదాలు.

నల్లమల_77
మరి గ్రీకు నిప్పు సంగతేంటి? అది నీళ్ళు తగిలితే అంటుకునేదట. దాన్నెవరూ నిషేధించలేదే.

తెరచాప
నీళ్ళు తగిలితే అంటుకునేదన్నది చాలామంది నమ్మే మాట. ఆనాటి రచనలు చెప్పేది వేరు: నీటి మీద కూడా మండేది, నీళ్ళు పోస్తే ఆరేది కాదు. తేలే నూనెకి ఆ గుణం మామూలే. ఆర్పడానికి ఇసుక, పులిసిన వెనిగర్, మూత్రం వాడేవారని రాశారు. ఓడల పక్కలకి వెనిగర్‌లో తడిపిన తోళ్ళు కప్పుకునేవారు.

దాన్ని వాడిన తూర్పు రోమన్లు గ్రీకు నిప్పు అనేవాళ్ళు కూడా కాదు. "సముద్రపు నిప్పు", "ద్రవపు నిప్పు" అనేవారు. సిరియాలోని హీలియోపోలిస్ నుంచి పారిపోయి వచ్చిన కల్లినికోస్ అనే నిర్మాణకారుడు 670లలో దాన్ని కాన్‌స్టాంటినోపుల్‌కి తెచ్చాడని చరిత్రకారుడు థియోఫానెస్ రాశాడు. ముట్టడికి వచ్చిన అరబ్బు నౌకల్ని దానితోనే కాల్చారు.

నిషేధించే అవసరం ఎందుకు రాలేదంటే, ఇంకొకరికి అది చేతకాలేదు. 812లో బల్గార్లు మెసెంబ్రియా, డెబెల్టోస్ పట్టణాల్ని పట్టుకున్నప్పుడు వాళ్ళకి 36 ఇత్తడి సైఫన్లు, అంటే ఆ నిప్పు చిమ్మే గొట్టాలు, బోలెడంత ద్రవం దొరికాయి. అంటే ఆయుధం మొత్తం చేతికొచ్చినట్టే. అయినా దాన్ని వాడినట్టు ఎక్కడా కనబడదు. నా దృష్టిలో కల్లినికోస్ కథ కన్నా ఈ సంఘటనే ఎక్కువ చెబుతుంది. ద్రవం ఒక్కటుంటే చాలదు. దాన్ని వేడి చేయాలి, ఒత్తిడి పెట్టాలి, మూతి దగ్గర అంటించాలి, ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఈ నాలుగూ వచ్చిన సిబ్బంది సైఫన్లతో పాటు దొరకలేదు.

శరధి
తెరచాప గారూ, "వేడి చేయాలి" అని ఖాయంగా చెప్పేశారు. పంపు ఒత్తిడి ఒక్కటే చాలు, వేడి అక్కర్లేదు అనే వాదన కూడా ఉంది కదా.

తెరచాప
ఉంది. ఉత్తర యూరప్ వాళ్ళ వర్ణనల్లో కొలిమి తిత్తులు, ఇత్తడి గొట్టం, ఉరుము లాంటి మోత కనిపిస్తాయి. దాన్నిబట్టి నేను వేడి వైపు మొగ్గుతాను. 2002లో జాన్ హాల్డన్ బృందం ముడి చమురుతో, కంచు పంపుతో నమూనా కట్టి చూస్తే మంట 15 మీటర్ల దాకా వెళ్ళింది. అయితే అలా పనిచేయగలదని తేలిందే తప్ప వాళ్ళు అలాగే చేశారని తేలలేదు. మీ అభ్యంతరం అక్కడ నిలబడుతుంది.

శరధి
అదే నేననేది. ఇంకో మాట, 15 మీటర్లంటే రెండు ఓడలు దాదాపు రాసుకున్నట్టే.

తెరచాప
అవును, అందుకే అది ఎప్పుడు పనిచేసిందో ఎప్పుడు చేయలేదో తేలిగ్గా చెప్పొచ్చు. 941లో కీవ్ రాజు ఇగోర్ వందల పడవలతో కాన్‌స్టాంటినోపుల్ మీదికి వచ్చాడు. నౌకాదళం వేరేచోట ఉంది. రేవులో పడి ఉన్న 15 పాత ఓడల్ని బాగుచేసి, ముందు మాత్రమే కాకుండా వెనకా పక్కలా కూడా సైఫన్లు బిగించి పంపారు. ఆ రోజు గాలి లేదు, సముద్రం నిశ్చలంగా ఉంది. తక్కువమంది ఉన్నారని ఇగోర్ పడవలే వీటిని చుట్టుముట్టాయి. అంటే శత్రువే తనంతట తాను ఆ 15 మీటర్లలోకి వచ్చాడు. మంటకి భయపడి నీళ్ళలోకి దూకినవాళ్ళు కవచాల బరువుకి మునిగిపోయారని ఆనాటి చరిత్రకారుడు లియుట్‌ప్రాండ్ రాశాడు.

గాలి ఎదురుగా ఉంటే, అలలు లేస్తే, శత్రువు దూరం పాటిస్తే ఆ సైఫన్లు పక్కన పెట్టాల్సిందే.

రాతికలం
మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 కందకాల కథ కూడా దాదాపు ఇదే. జర్మన్ రిచర్డ్ ఫీడ్లర్ 1901లోనే మొదటి నమూనాలు చూపించాడు. సైన్యంలో దాన్ని నిలబెట్టిన బెర్న్‌హార్డ్ రెడ్డెమాన్ అంతకుముందు అగ్నిమాపక దళం అధికారి. గొట్టం, పంపు, ఒత్తిడి ఆయనకి వచ్చిన విద్య, తిరగేసి వాడాడు.

1915 జులై 30 తెల్లవారుజామున 3:15కి బెల్జియంలో హూజ్ దగ్గర బ్రిటిష్ వాళ్ళ మీద వాడారు. అక్కడ రెండు కందకాల మధ్య దూరం కొన్నిచోట్ల కొద్ది మీటర్లే. వీపు మీద మోసే జర్మన్ యంత్రం మంట 18-20 మీటర్లు వెళ్ళేది. అంటే ఆ చోటు ఏరికోరి ఎంచుకున్నది. కాలినవాళ్ళు తక్కువ. చీకట్లో మోతతో మంట, నల్లపొగ మీదికి రాగానే జనం కందకం వదిలి వెనక్కి తగ్గారు, అలా బయటపడ్డవాళ్ళని మెషిన్‌గన్లు కొట్టాయి. ఎక్కువ చంపింది తుపాకులే.

కొన్ని నెలలకే విరుగుడు కనిపెట్టారు. మంట చిమ్మేవాడు కనబడగానే అందరూ అతన్నే గురిపెట్టాలి, మిగతావాళ్ళు కందకం అడుగున పడుకోవాలి. మంట పైకి లేస్తుంది కాబట్టి అడుగున పడుకున్నవాడు చాలాసార్లు బతికాడు.

నల్లమల_77
నేను చెప్పిన పేలుడు సంగతి దాటేశారు.

రాతికలం
దాటేయలేదు, అక్కడికే వస్తున్నా. మామూలు బుల్లెట్ ట్యాంకుకి తగిలితే కన్నం పడి ఇంధనం కారుతుంది. ఒక్క తూటాకి మంటల ముద్దగా పేలడం సినిమాల్లో ఎక్కువ, నిజంలో అరుదు. ఒత్తిడి గ్యాసు ఉన్న సిలిండర్ పగిలితే మనిషిని పడేసేది. ట్రేసర్ తూటా అయితే నిప్పు భయం నిజమే. కానీ మోసేవాడి ప్రాణాలు ఎక్కువగా తీసింది ఇది కాదు.

అమెరికన్ల ఎం2 తీసుకోండి. నింపితే బరువు సుమారు 30 కిలోలు. ఇంధనం సుమారు 18 లీటర్లు. ఆపకుండా చిమ్మితే ఏడెనిమిది సెకన్లలో ఖాళీ. అందుకే సెకను, రెండు సెకన్ల ముక్కలుగా వాడేవారు. చిక్కబరచిన ఇంధనంతో 40 మీటర్ల దాకా వెళ్ళేది, పల్చటిదైతే అందులో సగం. అంటే తుపాకీతో 300 మీటర్ల నుంచి కొట్టగలిగేవాడి ముందుకి, వీపున 30 కిలోలతో, వంగలేక, పరిగెత్తలేక, 40 మీటర్ల దాకా నడిచి వెళ్ళాలి. వెళ్ళాక చేతిలో ఉన్నది ఏడెనిమిది సెకన్లు. సిలిండర్ల ఆకారం దూరం నుంచే పట్టిస్తుంది. ప్రాణాలు తీసింది ఈ నడక.

గోదారిగాలి
ఒక్కడే వెళ్ళేవాడా మరి?

రాతికలం
ఒక్కడే వెళితే తిరిగిరాడు. జపాన్ దీవి ఇవో జిమాలో 1945 ఫిబ్రవరి 23న అమెరికన్ సైనికుడు హెర్షెల్ విలియమ్స్ చేసిన పని చూస్తే క్రమం అర్థమవుతుంది. నలుగురు తుపాకీవాళ్ళు బంకర్ కన్నాల మీదికి ఆపకుండా కాలుస్తూ లోపలివాళ్ళు తల ఎత్తకుండా చూశారు. ఆ సందులో అతను గురిలేని పక్కనుంచి పాకుతూ చేరాడు. ఇంధనం అయిపోగానే వెనక్కి వెళ్ళి నింపినది ఇంకోటి తెచ్చుకున్నాడు. నాలుగు గంటల్లో ఆరు ఫ్లేమ్‌త్రోవర్లు, ఏడు బంకర్లు. ఒకచోట బంకర్ పైకెక్కి గాలి గొట్టంలోకి చిమ్మాడు. కాపలా కాసిన నలుగురిలో ఇద్దరు ఆరోజే చనిపోయారు.

బంకర్ మీద ఇంత ఎందుకు పనిచేసిందంటే, మంట తూటాలా తిన్నగా పోయి ఆగదు, మలుపు తిరిగి గదంతా నిండుతుంది. మంట తగలనివాడు కూడా వేడి గాలికి, విషవాయువుకి, ప్రాణవాయువు అందక చనిపోతాడు. దీన్ని "త్వరగా పోతాడు" అని మెల్లగా చెప్పేవాళ్ళు ఉన్నారు. బయట పడి కాలినవాడి విషయంలో అది అబద్ధం.

శరధి
మరి వదిలేయడానికి కారణం ఈ నడకేనా? 1944 నుంచే నిప్పు చిమ్మే ట్యాంకు చర్చిల్ క్రోకడైల్ ఉంది కదా. వెనక బండిలో 1800 లీటర్లు, మంట 100 మీటర్లు దాటేది, లోపలివాళ్ళకి కవచం. అది వచ్చాక మనిషి మోసేది ఎందుకు?

రాతికలం
ట్యాంకు వెళ్ళలేని చోటు కోసం. ఇవో జిమా రాళ్ళు, తర్వాత కొరియా కొండలు, వియత్నాం అడవి. ఆ పని కూడా తర్వాత భుజం మీది రాకెట్లు తీసుకున్నాయి. సోవియట్ ష్మెల్ లాంటిది 40 మీటర్లకి బదులు కొన్ని వందల మీటర్ల నుంచి అదే బంకర్‌ని ఖాళీ చేస్తుంది. అమెరికా రక్షణ శాఖ 1978లో ఫ్లేమ్‌త్రోవర్లని పక్కన పెట్టింది. తేదీ గమనించండి. ప్రోటోకాల్ కన్నా రెండేళ్ళు ముందు. అమెరికా ఆ ప్రోటోకాల్‌లో చేరింది 2009లో. అందుకే చట్టం వల్ల పోయిందన్న మాట నేను ఒప్పుకోను, పనికిరాక పోయింది.

సంధిపత్రం
రాతికలం గారూ, ఇక్కడ విభేదిస్తాను. 1978 ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1972లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నాపామ్ మీద నివేదిక ఇచ్చారు. అదే ఏడు జూన్ 8న వియత్నాంలో ట్రాంగ్ బాంగ్ దగ్గర నాపామ్‌కి కాలిన ఒంటితో పరిగెత్తిన పాప ఫొటో ప్రపంచమంతా చూసింది. స్వీడన్, మెక్సికో లాంటి దేశాలు సైనికుల మీద వాడకంతో సహా పూర్తి నిషేధం అడిగాయి. ఆ ఒత్తిడిలో ఉన్న సైన్యానికి, ఎటూ పాతబడిన ఆయుధాన్ని వదిలేయడం తేలిక. పాతబడటం, సిగ్గు రెండూ కలిసి పనిచేశాయి.

రాతికలం
అలాగైతే నాపామ్‌ని కూడా అప్పుడే వదలాలి. వదల్లేదు కదా. విమానం నుంచి వేసేది పనికొస్తోంది కాబట్టి ఉంచుకున్నారు.

సంధిపత్రం
ఆ ఒక్క పాయింటు మీది. మిగతాది నాది.

గట్టుమీదరాయి
రెండో అధికరణం ఒక ఉదాహరణతో చెప్పగలరా? నేను చదివితే "సాధ్యమైన జాగ్రత్తలు" దగ్గర ఆగిపోయాను.

సంధిపత్రం
ఒక పట్టణం అనుకోండి. మధ్యలో బడి భవనం, అందులో శత్రు సైనికులు స్థావరం పెట్టారు. చుట్టూ జనం ఉన్న ఇళ్ళు.

విమానం నుంచి నిప్పు బాంబు వేయాలంటే కుదరదు. పౌరులు గుమిగూడిన చోట ఉన్న సైనిక లక్ష్యం మీద ఆకాశం నుంచి వేయడం పూర్తిగా నిషేధం, జాగ్రత్తలు తీసుకున్నామన్నా చెల్లదు.

అదే లక్ష్యం మీదికి ఫిరంగితో నిప్పు గుండు వేస్తే నియమం మెత్తబడుతుంది. ఆ భవనం ఇళ్ళ నుంచి స్పష్టంగా విడిగా ఉండాలి, నిప్పు అక్కడికే పరిమితమయ్యేలా సాధ్యమైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. మన ఉదాహరణలో ఇళ్ళు ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఇదీ కుదరదు. బడి ఊరి బయట పొలాల్లో ఉండి ఉంటే వాదించొచ్చు. మనిషి మోసే ఫ్లేమ్‌త్రోవర్ కూడా ఈ రెండో నియమం కిందికే వస్తుంది.

ఆ సైనికులు ఊరు వదిలి అడవిలోకి వెళ్ళారనుకోండి. అడవిని కేవలం అడవి అని కాల్చకూడదు. కానీ వాళ్ళు దాన్ని దాక్కోవడానికి వాడుతుంటే మినహాయింపు ఉంది. అడవిలోకి వెళ్ళే సైన్యం దాక్కోవడానికే వెళుతుంది, కాబట్టి ఆ రక్షణ చాలా పల్చన.

ఒకే ఇంటి మీద పడే అదే మంటకి పైనుంచి వస్తే ఒక నియమం, పక్కనుంచి వస్తే ఇంకొకటి. కాలిన చర్మానికి ఆ తేడా తెలియదు. ఈ ప్రోటోకాల్‌లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది.

గోదారిగాలి
తెల్ల భాస్వరం? ఫలూజా, గాజా వార్తల్లో ప్రతిసారీ "నిషిద్ధ ఆయుధం" అని రాస్తారు.

సంధిపత్రం
అది నిర్వచనంలో ఉన్న కన్నం. మనుషుల్ని కాల్చడానికి, వస్తువుల్ని అంటించడానికి "ముఖ్యంగా రూపొందించినది" అయితేనే నిప్పు ఆయుధం. పొగ కోసం, వెలుగు కోసం, గుర్తు కోసం చేసినదాన్ని పేరుపెట్టి బయట ఉంచారు. తెల్ల భాస్వరం గుండు పొగ కోసం చేసిందని తయారీదారు అంటాడు. ఒంటి మీద పడితే ఎముక దాకా కాలుతుంది, గాయం కడిగాక గాలి తగిలితే మళ్ళీ అంటుకోవచ్చు. 2004లో ఫలూజాలో దాన్ని శత్రువుల్ని గుంటల్లోంచి బయటికి తోలడానికి వాడామని అమెరికా ఒప్పుకుంది. వాడిన ఉద్దేశం ఏదైనా, రూపొందించిన ఉద్దేశాన్నే నిర్వచనం అడుగుతుంది.

రాతికలం గారు చెప్పిన ష్మెల్ లాంటివీ ఇలాగే తప్పించుకుంటాయి. పేలుడు ప్రధానం, నిప్పు అదనం అంటారు.

అలాగని ఏం చేసినా చెల్లుతుందని కాదు. పౌరుల మధ్య విచక్షణ లేకుండా వేస్తే మామూలు యుద్ధ చట్టం కిందే నేరం, గుండులో ఏముందన్నది అక్కర్లేదు.

కోటబురుజు
బంకర్ సైనికుడి గురించి "ఇంకో నియమం" అన్నారు.

సంధిపత్రం
రెడ్‌క్రాస్ సంస్థ సేకరించిన ఆచార చట్టం నియమాల్లో 85వది. తక్కువ హాని చేసే ఆయుధంతో అదే సైనికుడిని పోరాటంలోంచి తప్పించడం సాధ్యమైనప్పుడు, అతని మీద నిప్పు ఆయుధం వాడకూడదు. ఇది అన్ని దేశాల్నీ కట్టేసే చట్టమేనా అని కొన్ని దేశాలు ఒప్పుకోవు. నేను చట్టమే అంటాను. మీరు తెచ్చిన మనుస్మృతి శ్లోకానికి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

నల్లమల_77
అమెరికా 2009లో చేరింది కదా, అప్పుడు పూర్తిగా ఒప్పుకుందా?

సంధిపత్రం
మినహాయింపు పెట్టుకుని చేరింది. జనం మధ్య ఉన్న లక్ష్యమైనా సరే, నిప్పు వాడితే వేరే ఆయుధాల కన్నా పౌర నష్టం తగ్గుతుందని తేలితే విమానం నుంచి వేసే హక్కు ఉంచుకుంది. రసాయన ఆయుధాల గోదాముని ఉదాహరణగా చెబుతారు: మామూలు బాంబు వేస్తే విషం ఊరంతా చెదురుతుంది, మహా వేడి అయితే అక్కడే కాలిపోతుంది. ఆ ఒక్క సందర్భానికి అర్థముంది. కానీ మినహాయింపు మాటలు గోదాముల దగ్గర ఆగవు, అందుకే కొన్ని యూరప్ దేశాలు అభ్యంతరం చెప్పాయి.

రాతికలం
గోదాము వాదన సరైనదే అంటాను. మీరు కాదంటారా?

సంధిపత్రం
గోదాము అని రాసి ఉంటే అననేమో. రాయలేదు.

గట్టుమీదరాయి
అర్థమైంది. "జెనీవా నిషేధించింది" అన్నచోట నా నోట్స్‌లో కొట్టేసి, రెండో అధికరణం, 85వ నియమం రాసుకున్నా. తెరచాప గారూ, ఆ 36 సైఫన్ల సంగతి థియోఫానెస్‌లో ఏ సంవత్సరం కింద ఉందో చెప్పగలరా, చూడాలనుంది.

తెరచాప
812 కిందే, బల్గార్ల రాజు క్రుమ్ ముట్టడి దగ్గర చూడండి. పట్టణంలో దొరికిన బంగారం, వెండి లెక్క పక్కనే ఉంటుంది.